మా వాడకట్టులో ఆడపిల్లలు బడి మానేస్తున్నారు, ఏ ఇంట్లో అడిగినా ఒకటే జవాబు

వాడకట్టు_స్రవంతి
వరంగల్‌లో ఏనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న ఒక వాడకట్టులో ఎంఏ ప్రాజెక్టు చేస్తున్నాను. వాడ పేరు ఇక్కడ రాయను, ఆ ఇళ్లవాళ్లకు మాటిచ్చాను. ఆరు నుంచి పదో తరగతి మధ్యలో ఆడపిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది విషయం. ఇళ్లలో తల్లిదండ్రులతో, బడిలో టీచర్లతో మాట్లాడుతున్నాను.

ఏ ఇంటికి పోయినా "దానికి సదువు మీద మనసు లేదు బిడ్డా" అంటున్నారు. టీచర్లను అడిగితే "తల్లిదండ్రులకు అవగాహన లేదు" అంటున్నారు. గైడ్ గారు ఇచ్చిన ఫారంలో పేదరికం, పెళ్లి, దూరం, మరుగుదొడ్లు అని కారణాల పట్టిక ఉంది. టిక్ పెట్టమంటే అందరూ పేదరికానికి పెట్టి లేస్తున్నారు. అవి అబద్ధాలని నేను అనడం లేదు. కానీ అదే వాడలో, అంతే పేదరికంలో, పక్కింటి పిల్ల పది పాసయింది. మరి ఈ పిల్ల ఎందుకు ఆగిపోయింది? ఎలా అడిగితే తెలుస్తుంది?

కరీమాబాద్_పోరడు
దీనికి రీసెర్చ్ ఎందుకండీ. పెళ్లిళ్లే కారణం. పది కాకముందే సంబంధాలు చూస్తారు, బడి మాన్పిస్తారు. కళ్యాణలక్ష్మి కింద లక్షా నూట పదహారు వస్తుంది, ఇంకేం కావాలి.

లెక్కల_సారు
తమ్ముడూ, ఆ డబ్బు రావాలంటే పెళ్లినాటికి అమ్మాయికి 18 నిండినట్టు కాగితం పెట్టాలి. 2014లో 51 వేలతో మొదలైనప్పటి నుంచీ అదే షరతు. ఏడో తరగతి పిల్లను మాన్పిస్తే ఆ డబ్బు కోసం ఇంకా ఐదారేళ్లు ఆగాలి. నేను హైస్కూల్లో చూసినంతవరకు పిల్ల ముందు బడి మానేస్తుంది, రెండేళ్లకు పెళ్లి మాట వస్తుంది. ఇంట్లో ఉన్న పిల్లను చూసి చుట్టాలు సంబంధం తెస్తారు. ఏది ముందు, ఏది వెనక అన్నది చూసుకోవాలి.

కరీమాబాద్_పోరడు
సరే సారూ. కానీ మా గల్లీలో సంబంధం కుదిరాకే మాన్పించిన ఇళ్లు ఉన్నాయి. నా కళ్లముందు జరిగింది.

లెక్కల_సారు
ఉంటాయి. పదో తరగతి పిల్లల్లో అది ఎక్కువ. ఆరు, ఏడు, ఎనిమిది వేరే కథ. అన్నీ ఒకే లెక్కలో కలిపితే ఏదీ అర్థం కాదు.

మానేరు_గట్టు
స్రవంతి గారూ, "ఎందుకు మాన్పించారు" అన్న ప్రశ్నలోనే నేరం మోపడం ఉంది. చేతిలో ఫారం, మెడలో ఐడీ కార్డు చూడగానే తల్లికి రేషన్ కార్డు, పెన్షన్ గుర్తొస్తాయి. ఎవరికీ దెబ్బ తగలని జవాబు వెతుక్కుంటుంది. "పిల్లకు మనసు లేదు" అంటే భర్తను ఏమీ అనలేదు, బడిని అనలేదు, తనను తాను కూడా అనుకోలేదు. ఆ ఇంట్లో మాట పడి ఊరుకునేది పిల్ల ఒక్కతే కాబట్టి తప్పంతా ఆమె మీదికి పోతుంది. టీచర్లు చెప్పే "అవగాహన లేదు" కూడా అలాంటిదే, అది వాళ్ల వైపు నుంచి ఎవరికీ తగలని జవాబు.

నేను సిరిసిల్ల వైపు మరమగ్గాల వాడల్లో ఇలాంటి పనే చేశాను. అక్కడ నాకు పనికొచ్చింది ఏంటంటే, కారణం అడగడం మానేసి రోజును అడగడం. పొద్దుగాల ముందు ఎవరు లేస్తారు? నీళ్లు ఎవరు పడతారు? మీరు పనికి ఎన్నింటికి బయల్దేరుతారు? మీరు పోయాక చిన్నోడు ఎవరి దగ్గర ఉంటాడు? ఇందులో దాచుకునేది ఏమీ లేదు కాబట్టి అందరూ చెప్తారు. రోజు అయ్యాక ఏడాదిని అడగండి. తేదీ ఎవరికీ గుర్తుండదు, పండుగ గుర్తుంటుంది. "బతుకమ్మ పండుగప్పుడు బడికి పోతుండెనా? సంక్రాంతికి పోతుండెనా? ఉగాదికి?" అలా అడిగితే మానేసింది ఒక రోజున కాదని, మూడు నాలుగు నెలలు కొంచెం కొంచెంగా జారిపోయిందని మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. తల్లిని, పిల్లను, తండ్రిని వేరువేరుగా కలవండి. పిల్లతో మాట్లాడేటప్పుడు తల్లికి కనబడేంత దూరంలో, వినబడనంత దూరంలో కూర్చోవాలి. గదిలోకి తీసుకుపోయి తలుపేస్తే వాడంతా అనుమానిస్తుంది. అందరి ముందు అడిగితే పిల్ల నోరు తెరవదు. గుమ్మం బయట గద్దె మీద కూర్చుంటే సరిపోతుంది.

అంగన్వాడి_అక్క
మానేరు గారు చెప్పింది నిజం. నేను కలిపేది ఒక్కటి. ఏ టైంలో పోతున్నావు బిడ్డా? మధ్యాహ్నం పోతే ఆ వాడలో కైకిలికి పోని ఇళ్లే దొరుకుతాయి. అసలు మనిషి పొద్దుగాలే ఆటో ఎక్కి పోయి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక పో. అప్పుడు కూడా అన్నం వండే టైం, పక్కన కూర్చుని కూరగాయలు కోస్తూ మాట్లాడు. కాగితం బయటికి తీయకు.

వాడకట్టు_స్రవంతి
అక్కా, నేను పోతున్నది పదకొండు, పన్నెండు గంటలకే. కాలేజీ బస్సు టైంను బట్టి పోతున్నాను. మార్చుకుంటాను.

తాటివనం
మా పాపకు ఈ సంవత్సరం గురుకులం సీటు కావాలి. నాలుగో తరగతి అయిపోయింది. ఎవరిని కలవాలి?

లెక్కల_సారు
తాటివనం గారూ, గురుకులాల్లో ఐదో తరగతి ప్రవేశానికి ఉమ్మడి పరీక్ష ఉంటుంది. ఈ ఏడాది తేదీ దాటిందేమో మీ బడి హెచ్ఎంను అడగండి. దాటితే వచ్చే ఏడాది ఆరో తరగతికి కస్తూర్బా బాలికా విద్యాలయం చూడండి. బడి మానేసిన పిల్లలకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు అక్కడ ముందు చోటిస్తారు. ఈ చర్చ వేరే విషయం మీద నడుస్తోంది, మీరు కొత్తగా ఒక ప్రశ్న పెట్టండి, చెప్తాను.

స్రవంతి గారూ, ఇంటికంటే ముందు బడి రిజిస్టర్ చూడండి. డీఈఓ ఆఫీసు నుంచి పర్మిషన్ లెటర్ తెచ్చుకోండి, లేకుంటే ఏ హెచ్ఎం అయినా ఇవ్వడానికి భయపడతారు, అందులో వాళ్ల తప్పు లేదు. రెండు చోట్ల చూడాలి.

మొదటిది, ఐదు నుంచి ఆరుకు మారే చోటు. వాడలో ప్రాథమిక పాఠశాల ఐదు వరకే. అక్కడ పిల్ల "ఐదు పాస్" అని రాసి పంపేస్తారు. హైస్కూల్లో చేరితే అక్కడి రిజిస్టర్లో పేరు పడుతుంది. చేరకపోతే? ప్రాథమిక బడి లెక్కలో ఆమె మానేసిన పిల్ల కాదు, పాసై వెళ్లిన పిల్ల. హైస్కూల్ లెక్కలో అసలు లేనే లేదు. రెండు బడుల మధ్య పిల్ల మాయమైనా ఎవరి రిజిస్టర్లోనూ ఎర్ర గీత పడదు. ఇప్పుడు యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ బడి లెక్కల్లో పిల్ల పిల్లకూ నంబరు ఉంది కాబట్టి, పై బడి వాళ్లు తీసుకోని పేర్లు డ్రాప్‌బాక్స్ అనే జాబితాలో మిగిలిపోతాయి. హెచ్ఎంను ఆ జాబితా గురించి అడగండి. అందులో ఊరు మారినవాళ్లు, ప్రైవేటుకు పోయినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి అందరూ మానేసినట్టు అనుకోవద్దు. వాడలో తిరిగి ఒక్కొక్క పేరూ ఎక్కడుందో కనుక్కోవాలి.

రెండోది, హాజరు. మానేసిన పిల్ల చివరి ఆరు నెలల హాజరు పేజీలు చూడండి. నెల మొత్తం ఎన్ని రోజులు వచ్చిందన్నది కాదు, ఏ ఏ రోజులు రాలేదన్నది చూడండి.

నస్రీన్_ఖిలా
ఇది చదువుతుంటే నా సంగతి చెప్పాలనిపించింది. నేను ఏడో తరగతి తర్వాత మానేశాను. మా ఇంట్లో ఎవరూ చదువొద్దు అనలేదు. మేము నలుగురం కలిసి నడిచి పోయేవాళ్లం. దారిలో వైన్స్ ఉండేది. నలుగురం ఉన్నప్పుడు భయం లేదు. ఒకామెను వాళ్ల అమ్మమ్మ ఊరికి పంపారు, ఇంకొకామె మానేసింది. ఇద్దరం మిగిలాం. ఆమెకు జ్వరం వచ్చిన వారం నేను ఒక్కదాన్నే పోయాను. మా అన్న చూసి "రేపటి నుంచి వద్దు" అన్నాడు. అంతే. ఎవరైనా ఫారంతో వచ్చి అడిగితే మా అమ్మ కూడా "మనసు లేదు" అనే చెప్పి ఉండేది.

పెళ్లయ్యాక ఓపెన్ స్కూల్లో పది రాశాను, తర్వాత ఇంటర్ కూడా. 14 నిండితే ఓపెన్ పదికి కట్టొచ్చని నాకు అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే అన్నేళ్లు ఆగేదాన్ని కాదు.

కరీమాబాద్_పోరడు
నస్రీన్ అక్కా, ఇప్పుడైతే 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కదా. దారి సమస్య తీరినట్టే.

నస్రీన్_ఖిలా
తమ్ముడూ, బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. వైన్స్ కూడా మెయిన్ రోడ్డు మీదే ఉంది.

మానేరు_గట్టు
నస్రీన్ గారు చెప్పిన దాంట్లో పెద్ద విషయం ఉంది. వాడలో పిల్లలు ఒక్కొక్కరుగా మానేయరు, గుంపు విరిగిపోతే మానేస్తారు. స్రవంతి గారూ, ప్రతి పిల్లనూ "నువ్వు ఎవరితో కలిసి పోయేదానివి" అని అడగండి. ఆ పేర్లు కలిపి చూస్తే ఎవరు మొదట ఆగితే ఎవరు తర్వాత ఆగారో కనబడుతుంది. పేర్లు మాత్రం నోట్‌బుక్‌లో రాయకండి, గుర్తులు పెట్టుకోండి. ఆ పుస్తకం బస్సులో మర్చిపోయినా ఎవరి పరువూ పోకూడదు.

బీడీ_చాట
మాది కోరుట్ల. మా దిక్కు కథ వేరు. బీడీలు ఇంట్లోనే చేస్తారు కాబట్టి పిల్ల బడి మానదు. పొద్దుగాల ఒక గంట, సాయంత్రం రెండు గంటలు తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తది, దారం చుడుతది. పేరు తల్లి కార్డు మీద ఉంటది, పని ఇద్దరిది. పది దాకా అట్లనే నడుస్తది. లెక్కలు ఫెయిలైతే మాత్రం ఇగ కాలేజీ లేదు, పూర్తిగా చాట ముందర కూర్చుంటది. సంబంధం చూసేటప్పుడు "పిల్ల బీడీలు చేస్తదా" అని అడిగిన రోజులు నాకు బాగా యాదికున్నయ్. మా అక్కను అట్లనే అడిగిన్రు.

లెక్కల_సారు
ఆ ఫెయిల్ సంగతి మీద నాకు బాధ ఉంది. జూన్‌లో సప్లిమెంటరీ పెట్టేదే అందుకు, అదే సంవత్సరం పాసై కాలేజీలో చేరొచ్చు. మగపిల్లాడు ఫెయిలైతే ఫీజు కట్టి ట్యూషన్ పెడతారు. ఆడపిల్ల ఫెయిలైతే "అయిపోయింది లే" అంటారు. ఫీజు కట్టే చివరి తేదీ కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫెయిలైన ప్రతి పిల్ల ఇంటికీ ఫలితాలు వచ్చిన వారంలోనే ఫోన్ చేయాలని నేను మా బడిలో పట్టుబట్టేవాణ్ణి.

వాడకట్టు_స్రవంతి
లెటర్ వచ్చింది, రిజిస్టర్ చూశాను. ఒక విషయం అంతుపట్టడం లేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె ఉంది. దసరా సెలవుల దాకా దాదాపు రోజూ వచ్చింది. ఆ తర్వాత తగ్గింది. జనవరి నుంచి చూస్తే శనివారం మాత్రం వచ్చింది, సోమవారం నుంచి శుక్రవారం దాకా లేదు. మార్చి నుంచి శనివారం కూడా లేదు. క్లాస్ టీచర్ నాతో బాగానే మాట్లాడారు, "శనివారం ఆటలుంటాయని వస్తుందేమో, చదువు మీద శ్రద్ధ లేదు" అన్నారు. ఇంట్లోవాళ్లు కూడా మనసు లేదనే అన్నారు. ఇద్దరి మాటా కలుస్తోంది కానీ నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

యార్డు_గుమస్తా
ఇన్ని రోజులూ చదువుతున్నా కానీ రాయలేదు. నేను మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. మేడం, శనివారం, ఆదివారం ఏనుమాముల మార్కెట్ బంద్ ఉంటది. సోమవారం నుంచి శుక్రవారం దాకా కాంటాలు. జనవరి నుంచి మిర్చి దిగుతది, ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. ఆ నెలల్లో ఆడవాళ్లకు చేతినిండా పని. ఆ పిల్ల అమ్మ ఏం పని చేస్తదో అడగండి.

లెక్కల_సారు
గుమస్తా గారూ, నమస్కారం. అన్నేళ్లు హాజరు వేశాను, నాకు ఇది తట్టి ఉండేది కాదు.

మానేరు_గట్టు
స్రవంతి గారూ, ఆ ఇంటికి శనివారం పోండి. ఈ సంగతి మీకు తెలిసినట్టు మాట్లాడొద్దు. "రిజిస్టర్లో చూశాను" అని అస్సలు అనొద్దు, బడి మీ చేత ఆరా తీయిస్తోందని అనుకుంటుంది ఆ తల్లి.

వాడకట్టు_స్రవంతి
పోయాను. తల్లి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

కారణం అడగలేదు. మార్కెట్ ఉన్న రోజు పొద్దుగాల ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి పోతారని అడిగాను. తండ్రి హమాలీ, ఆరింటికి పోతాడు. తల్లి మిర్చి తొడిమలు తీసే పనికి పోతుంది, అదీ పొద్దుగాలే. నానమ్మ ఉండేది, దసరా తర్వాత కాలు విరిగి చిన్నకొడుకు ఇంటికి పోయింది. ఇంట్లో ఏడాదిన్నర బాబు ఉన్నాడు. ఆ బాబును ఇంతకుముందు చూసుకున్నది నానమ్మే. అప్పటి నుంచి ఈ పిల్ల. శనివారం తల్లి ఇంట్లో ఉంటుంది కాబట్టి పిల్ల బడికి పోయేది. ఆటల కోసం కాదు.

మరి మార్చిలో శనివారం కూడా ఎందుకు మానేసింది? అది పిల్ల చెప్పింది. వారానికి ఒక్కరోజు పోతే లెక్కల్లో ఏం చెప్తున్నారో అర్థమయ్యేది కాదట. హోంవర్క్ ఏమిచ్చారో తెలియదు. "ఎందుకు చేయలేదు" అని నిలబెట్టేవాళ్లు. పక్కన కూర్చునే సోపతి పిల్ల వేరే అమ్మాయితో కూర్చోవడం మొదలుపెట్టింది. "అక్కా, నాకు బడి ఇష్టమే, కానీ అక్కడికి పోతే నేను చుట్టంలాగ అనిపించింది" అంది. ఆ తర్వాతే ఇంట్లో "నేను పోను" అని చెప్పింది. తల్లి చెప్పిన "మనసు లేదు" అబద్ధం కాదు. మార్చి నాటికి నిజంగానే మనసు లేదు. అక్టోబర్‌లో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అంగన్వాడి_అక్క
ఏడాదిన్నర బాబు. అదే అసలు కిటుకు. మా సెంటర్లో మూడేళ్లు నిండినవాళ్లను కూర్చోబెట్టుకుంటాం. మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికి బాలామృతం ఇస్తాం, టీకాలు చూస్తాం, బరువు తూస్తాం, కానీ పొద్దంతా పెట్టుకోం. పెట్టుకున్నా మేము తెరిచేసరికి తల్లి పనిలోకి పోయి మూడు గంటలవుతుంది. ఆ బాబుకు మూడేళ్లు నిండేదాకా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాల్సిందే. అప్పటికి అక్క చదువు అయిపోతుంది.

కరీమాబాద్_పోరడు
అంటే పిల్లను కస్తూర్బాలో చేర్పిస్తే సమస్య తీరదా? తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ అక్కడే కదా.

లెక్కల_సారు
పిల్ల చదువు ఖర్చు సమస్య అయితే తీరుతుంది. ఇక్కడ ఖర్చు కాదు సమస్య, ఆ పిల్ల చేతులు. హాస్టల్‌కు పంపితే బాబును ఎవరు చూస్తారు? తల్లి పని మానాలి. అందుకే కొన్ని ఇళ్లలో సీటు వచ్చినా పంపరు, మనం "అవగాహన లేదు" అనుకుంటాం.

బీడీ_చాట
మిరపకాయ ఏరడానికి కూడా పిల్లలను తీస్కపోతరు కదా, ఆటోల్లో. కిలో లెక్కన పైసలిస్తే చిన్న చేతులు కూడా లెక్కలోకొస్తయి. రోజు కూలి అయితే చిన్నపిల్లను ఎవరూ పిలవరు. కూలి ఎట్లిస్తున్నరో కూడా అడగుండ్రి.

వాడకట్టు_స్రవంతి
అది నా తలకు రాలేదు, ఫారంలో లేదు. రాసుకున్నాను.

ఇప్పుడు ఇంకో విషయం, ఇది నన్ను నిద్రపోనివ్వడం లేదు. వేరే ఇంట్లో మానేసిన పిల్లకు పదిహేనేళ్లు. మాటల్లో తల్లి "ఈ వేసవిలో చేసేద్దామనుకుంటున్నం" అంది. పిల్ల పక్కనే ఉంది, ఏమీ అనలేదు. నేను వాళ్లకు మొదట్లోనే "మీరు చెప్పింది ఎవరికీ చెప్పను" అని మాటిచ్చాను. ఏం చేయాలి?

కరీమాబాద్_పోరడు
పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఇప్పుడే. 18 లోపు పెళ్లి నేరం, 2006 చట్టం ఉంది. ఇందులో ఆలోచించేదేం లేదు.

మానేరు_గట్టు
పోరడు చెప్పింది చట్టప్రకారం కరెక్టే. కానీ ఎవరికీ చెప్పను అని పూర్తిగా మాటివ్వకూడదు. "మీరు చెప్పింది మీ పేరుతో ఎక్కడా రాయను, కానీ పిల్లకు ఏదైనా ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేసేవాళ్లకు చెప్పాల్సి ఉంటుంది, మీతో చెప్పే చేస్తాను" అని మొదటి రోజే అనాలి. ఇక నుంచి ప్రతి ఇంట్లో అలా మొదలుపెట్టండి. ఈ ఇంటి విషయంలో, ముందు ఆ తల్లి దగ్గరికే పోయి, మీకు భయంగా ఉందని, ఊరుకోలేనని ఎదురుగా చెప్పండి. పిల్లతో కూడా మాట్లాడండి, ఆమెకు ఏం కావాలో తెలుసుకోండి. మీ గైడ్‌కు ఇవాళే చెప్పండి, ఒక్కరే మోయకండి.

అంగన్వాడి_అక్క
నేనైతే మా సూపర్‌వైజర్ మేడంకు చెప్తాను. ఆమె పోలీసులతో కాకుండా మామూలుగా వెళ్లి కూర్చుంటుంది. "18 నిండితే లక్ష వస్తుంది, ఇప్పుడు చేస్తే కేసు వస్తుంది" అంటే చాలా ఇళ్లు ఆగాయి. మా దగ్గర అలా ఆగిన పెళ్లిళ్లు ఉన్నాయి.

లెక్కల_సారు
ఆగినట్టు కనబడి అమ్మమ్మ ఊళ్లో జరిగినవి కూడా ఉన్నాయి అక్కా. ఫోన్ చేస్తే ఆ ఒక్క పెళ్లి ఆగవచ్చు, ఆ వాడలో ఇంకే తల్లీ ఈ అమ్మాయికి తలుపు తీయదు. చేయకపోతే ఆ పిల్ల బతుకు. నాకు జవాబు తెలియదు, కానీ ప్రాజెక్టు కోసం పిల్లను వదిలేయడం మాత్రం నాకు ఒప్పుదల కాదు.

నస్రీన్_ఖిలా
ఆ పిల్ల ఏమీ అనలేదు అంటే ఒప్పుకున్నట్టు కాదు. నేనూ ఏమీ అనలేదు. ఆమెను ఒక్కదాన్నే అడగండి, రేపే పోండి. కావాలంటే నేను వస్తాను, నా సంగతి చెప్తాను.

వాడకట్టు_స్రవంతి
గైడ్ గారికి చెప్పాను. సూపర్‌వైజర్ మేడంతో మాట్లాడటానికి ఆయనే వస్తానన్నారు. రేపు సాయంత్రం ముందు ఆ తల్లి దగ్గరికి పోతాను. నస్రీన్ గారూ, మీకు మెసేజ్ పెట్టాను.

కరీమాబాద్_పోరడు
నేను ఇప్పటికీ ఫోనే కరెక్ట్ అంటాను. పెళ్లి ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు.

మానేరు_గట్టు
తేదీ పెట్టుకున్నారని తెలిస్తే నేనూ నీ మాటే అంటాను తమ్ముడూ.

స్రవంతి గారూ, బడిలో ఇంకొకరిని కూడా కలవండి. మధ్యాహ్న భోజనం వండే అక్క. ఆమె అదే వాడ మనిషి అయి ఉంటుంది. టీచర్లు ట్రాన్స్‌ఫర్ అయి పోతారు, ఆమె ఉంటుంది. ఏ పిల్ల ఎప్పటి నుంచి ప్లేటు పట్టుకుని రావడం లేదో ఆమెకు తెలుసు. కాకపోతే అదే వాడలో బతికే మనిషి, ఒక ఇంటి సంగతి ఆమె చేత చెప్పించొద్దు. ఏ నెలలో పిల్లలు తగ్గుతారు అని మాత్రం అడగండి.

యార్డు_గుమస్తా
మేడం, మార్కెట్‌లో రైతులకు విశ్రాంతి గది ఉంది, క్యాంటీన్ ఉంది. తొడిమలు తీసే ఆడవాళ్ల పిల్లలకు ఏమీ లేదు. చంటిపిల్లలను మిర్చి ఘాటులోకి తెచ్చుకోలేరు, దగ్గుతారు. మార్కెట్ కమిటీని ఎవరైనా అడిగితే బయటి వైపు ఒక గది ఇస్తారేమో.

అంగన్వాడి_అక్క
పాల్నా అని కేంద్రం పథకం ఉంది, ఆరు నెలల పిల్లల నుంచి చూసుకునే సెంటర్లు. మా ప్రాజెక్టులో ఒక్కటి కూడా రాలేదు. పెట్టినా పొద్దుగాల ఆరింటికి తెరవకపోతే ఈ తల్లులకు పనికిరాదు, అది కూడా రాయండి.

వాడకట్టు_స్రవంతి
రాస్తాను. మూడేళ్లలోపు పిల్లలున్న ఇళ్లు వాడలో ఎన్ని ఉన్నాయో కొత్త ఫారంలో కలుపుతున్నాను.

మానేరు_గట్టు
ఎన్ని ఇళ్లు అని కాదు. పొద్దుగాల ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ చంటిపిల్ల ఎవరి చేతిలో ఉంటుంది, గంట గంటకూ అడగండి. కొన్ని ఇళ్లలో పక్కింటి పిల్ల రెండు ఇళ్ల పిల్లలనూ చూసుకుంటుంది. ఆ పిల్ల మీ లెక్కలోకి రాదు, ఆమె ఇంట్లో చంటిపిల్లలే ఉండరు.

వాడకట్టు_స్రవంతి
అలాంటి ఇల్లు ఒకటి ఉంది సార్. పది మానేసిన పిల్ల. వాళ్ల ఇంట్లో అందరూ పెద్దవాళ్లే, అందుకే నాకు కారణం దొరకలేదు. శనివారం మళ్లీ పోతాను.